మీ కామెంటు మీకే కనిపిస్తోందా? ఎలా తేల్చుకోవాలి

యూట్యూబ్ వీడియో కింద మీరు రాసిన కామెంటు మీ ఫోన్లో కనిపిస్తోందంటే, అందరికీ కనిపిస్తోందని కాదు. చానల్ వాళ్లు పెట్టుకున్న ఫిల్టర్లో అది చిక్కుకుని ఉండొచ్చు. అలా చిక్కుకున్న సంగతి మీకు ఎవరూ చెప్పరు. ఫోన్ మోగదు, ఎర్ర గుర్తు రాదు, మెయిల్ రాదు. మీరేమో జవాబు కోసం ఎదురుచూస్తుంటారు, అవతలివాళ్లకి మీరు మాట్లాడినట్టే తెలియదు.

ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఇదే తంతు. కాకపోతే ఒక్కోచోట ఒక్కో మెలిక ఉంది కాబట్టి, ఒకచోట పనికొచ్చే పరీక్ష ఇంకోచోట తప్పు జవాబు ఇస్తుంది. ముందు యూట్యూబ్ సంగతి పూర్తిగా చూసి, తర్వాత మిగతా రెంటికి వద్దాం.

యూట్యూబ్‌లో: లాగిన్ లేని కంటితో చూడండి

మీ అకౌంటుతో చూసినంతసేపూ ఏమీ తేలదు. లాగిన్ కాని బ్రౌజర్లో చూడాలి. ఫోన్లోనే చేసుకోవచ్చు.

1. కామెంటు పెట్టాక వీడియో కింద `Share` నొక్కి, `Copy link` నొక్కండి.
2. క్రోమ్ తెరిచి, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, `New Incognito tab` ఎంచుకోండి.
3. పైనున్న అడ్రస్ గడిలో ఆ లింకు పేస్ట్ చేసి తెరవండి.
4. కామెంట్లలోకి వెళ్లి, వరసని `Newest`కి మార్చండి. కంప్యూటర్లో అయితే `Sort by` నొక్కితే `Newest first` అని ఉంటుంది.

మూడో మెట్టు దగ్గర చాలామంది తడబడతారు. కొన్ని ఫోన్లలో యూట్యూబ్ లింకు తెరవగానే క్రోమ్ పక్కకి తప్పుకుని యూట్యూబ్ యాప్ వచ్చేస్తుంది. యాప్‌లో మీరు లాగిన్ అయ్యే ఉంటారు కదా, మీ కామెంటు నిక్షేపంగా కనిపిస్తుంది. "ఉందిలే" అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. అందుకే కామెంట్ల దాకా వెళ్లేముందు ఒకసారి పేజీని గమనించండి. మీ ప్రొఫైల్ బొమ్మ కనిపిస్తే అది పరీక్షే కాదు. `Sign in` అని అడుగుతుంటేనే మీరు బయటి మనిషిగా చూస్తున్నట్టు.

నాలుగో మెట్టూ వదిలేయకూడదు. యూట్యూబ్ మామూలుగా చూపించేది `Top comments` వరస. లైకులూ జవాబులూ ఎక్కువ వచ్చినవి పైకొస్తాయి, పది నిమిషాల క్రితం పెట్టిన మీ కామెంటు ఎక్కడో అడుగున ఉంటుంది. అది దాచడం కాదు, వెనకపడటం అంతే. `Newest`లో చూస్తేనే ఉందో లేదో తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. మీ తర్వాత ఇంకొకరు పెట్టిన కామెంటు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇన్‌కాగ్నిటోలో ఆయనది కనిపించి, ఆయనకంటే ముందు పెట్టిన మీది కనిపించకపోతే, "ఇంకా లోడ్ కాలేదేమో, నెట్ స్లోగా ఉందేమో" అనే అనుమానానికి తావు లేదు. మీది ఆగిపోయింది.

మీది కామెంటు కాకుండా ఇంకొకరి కామెంటు కింద జవాబైతే, ఆ అసలు కామెంటు వెతికి దాని కింద జవాబులన్నీ తెరిచి చూడాలి. అసలు కామెంటునే దాచేసి ఉంటే దాని కిందున్న మీ జవాబు కూడా దాంతోపాటే పోతుంది, మీ తప్పేమీ లేకపోయినా.

పాత కామెంటు సంగతి తేల్చుకోవాలంటే వేల కామెంట్లు కిందికి జరుపుతూ కూర్చోనక్కర్లేదు. కంప్యూటర్లో లాగిన్ అయి, మీ కామెంటు దగ్గర పేరు పక్కన `2 weeks ago` లాంటిది ఉంటుంది, దాన్ని నొక్కండి. పైన అడ్రస్ మారి ఇలా అవుతుంది:

```
https://www.youtube.com/watch?v=VIDEO_ID&lc=COMMENT_ID
```

`lc=` తర్వాత ఉన్నది మీ కామెంటు నంబరు. ఈ అడ్రస్ మొత్తం కాపీ చేసి ఇన్‌కాగ్నిటోలో తెరవండి. కామెంటు బయటికి కనిపిస్తుంటే అన్నిటికంటే పైన `Highlighted comment` అనే గుర్తుతో వస్తుంది. ఆగిపోయి ఉంటే ఆ గుర్తు లేకుండా మామూలు కామెంట్లే మొదలవుతాయి. ఏ వీడియో కింద రాశారో గుర్తులేకపోతే గూగుల్ `My Activity`లో మీ యూట్యూబ్ కామెంట్ల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో ఉన్నంతమాత్రాన బయటికి కనిపిస్తోందని మాత్రం అనుకోకండి. అది మీరు రాసిన వాటి లెక్క, జనం చూసిన వాటి లెక్క కాదు.

కనిపించడం లేదు. ఎందుకు?

ఆపేది ఎవరు అన్నదాన్ని బట్టి కారణాలు తేడాగా ఉంటాయి. చానల్ వాళ్ల చేతిలో ఉన్న సెట్టింగులు ముందు తెలుసుకుంటే మిగతాది సులువు.

యూట్యూబ్ స్టూడియోలో ప్రతి చానల్‌కీ కామెంట్లని ఆపి చూసే ఏర్పాటు ఉంది. అసలు ఆపకపోవడం, తేడాగా అనిపించినవి కొన్ని ఆపడం, ఇంకాస్త గట్టిగా ఆపడం, వచ్చినవన్నీ ఆపి ఓనరు ఒప్పుకున్నవే బయటికి వదలడం అని నాలుగు అంచెలు. స్టూడియోలో వాటి పేర్లు `None`, `Basic`, `Strict`, `Hold all`. చానల్ వాళ్లు ఏమీ ముట్టుకోకపోయినా ఉండేది `Basic`. అంటే పాపం ఓనరుకి తెలియకుండానే మీ కామెంటు ఆగిపోయి ఉండొచ్చు. "నా కామెంటు తీసేశాడు" అని జనం చానల్ వాడిమీద విరుచుకుపడే సందర్భాల్లో, అతను ఆ కామెంటు కంటితో కూడా చూసి ఉండడు.

ఇది కాకుండా ఆపాల్సిన మాటల జాబితా ఒకటి ఉంటుంది, `Blocked words`. లింకులున్న కామెంట్లని ఆపే మీట ఇంకొకటి, `Block links`. చివరగా ఒక మనిషినే దాచేయడం, `Hide user from channel`. ఈ చివరిది పడితే ఆ చానల్ కింద మీరు ఏం రాసినా ఎవరికీ కనపడదు, మీకు కబురూ రాదు.

ఇవేవీ కాక యూట్యూబే స్పామ్ అనుకుని ఆపేయడం కూడా ఉంది. ఒకే మాటని పది వీడియోల కింద అతికించుకుంటూ పోతే ఇది జరుగుతుంది.

పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉన్న మా బావ సంగతి చూడండి. నిమ్మకాయల రేట్లు చెప్పే ఒక చానల్ కింద ఆయన ఇలా రాశాడు: "ఈరోజు పొదలకూరు మార్కెట్లో కాయ సైజుని బట్టి రేటు తేడా చాలా ఉంది. రోజూ రేట్లు కావాలంటే మా గ్రూపులో చేరండి" అని, కింద వాట్సాప్ గ్రూపు లింకు, దాని కింద ఫోన్ నంబరు. ఒక్కరూ చేరలేదు. ఇన్‌కాగ్నిటోలో చూస్తే కామెంటే లేదు.

"బావా, నిన్ను బ్లాక్ చేసినట్టున్నాడు" అని పక్కనున్నవాళ్లు అనేశారు. అది కావచ్చు, కాకపోవచ్చు. తేల్చడానికి ఒక్కో మెట్టులో ఒక్కటే మార్చాలి.

మొదట అదే వీడియో కింద లింకు, నంబరు ఏమీ లేకుండా వీడియో గురించే ఒక మామూలు మాట రాయమన్నాను. "మీడియం కాయ రేటు కూడా చెప్పండి సార్" అని రాశాడు. ఇన్‌కాగ్నిటోలో చూస్తే కనిపించింది. దాంతో రెండు అనుమానాలు ఒక్కసారే తీరిపోయాయి. మనిషిని దాచలేదు, వచ్చినవన్నీ ఆపే `Hold all` కూడా లేదు. పేచీ రాసినదాంట్లోనే ఉంది.

తర్వాత మొదటి కామెంటునే లింకు తీసేసి, నంబరు ఉంచి రాశాడు. కనిపించింది. అంటే ఆపింది లింకు. ఆ చానల్‌లో `Block links` పెట్టుకుని ఉండాలి, లేదా లింకు చూసి యూట్యూబ్ ఫిల్టరే ఆపి ఉండాలి. ఆ రెంటిలో ఏదో బయటినుంచి మనకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. లింకు లేకుండా రాస్తే పని జరుగుతుంది. ఆ ఫోన్ నంబరు కూడా తీసేయమన్నాను, అది వేరే కారణంతో: బహిరంగంగా పెట్టిన నంబరుకి నిమ్మకాయల వ్యాపారులకంటే ముందు లోన్ ఇస్తామనేవాళ్లు ఫోన్ చేస్తారు.

మీ విషయంలో ఆ మామూలు మాట కూడా కనిపించలేదనుకోండి. అప్పుడు వేరే చానల్ కింద ఇంకో మామూలు మాట రాసి చూడండి. అక్కడ కనిపిస్తే సమస్య మొదటి చానల్‌తోనే. ఆ చానల్ కింద మిగతావాళ్ల కొత్త కామెంట్లు ఎప్పటికప్పుడు వస్తున్నాయా చూడండి. గంటలకొద్దీ ఏమీ రాకుండా ఒకేసారి గుంపుగా ప్రత్యక్షమవుతుంటే ఓనరు కూర్చుని ఒప్పుకుంటున్నాడన్నమాట, మీదీ వస్తుంది, ఆగండి. అందరివీ నిమిషాల్లో వచ్చేస్తూ మీది మాత్రం రోజులు గడిచినా రాకపోతే మిమ్మల్నే దాచి ఉండొచ్చు. రెండో చానల్లోనూ మూడో చానల్లోనూ కూడా కనిపించకపోతే తేడా మీ అకౌంటు దగ్గర ఉంది. కొన్నాళ్లు లింకులు, అతికింపులు మానేసి, మళ్లీ చూడటం మేలు.

ఈ పరీక్షలు చేసేటప్పుడు తొందర వద్దు. కనిపించలేదని అదే కామెంటుని వెంటవెంటనే మళ్లీ మళ్లీ పెడితే, లేని స్పామ్ ముద్ర మీరే కొని తెచ్చుకున్నట్టవుతుంది. ఒకటి పెట్టి, కాసేపాగి, చూసి, అప్పుడు తర్వాతది పెట్టండి. మరోమాట: "మీ అకౌంటుని దాచారో లేదో చెబుతాం, గూగుల్‌తో లాగిన్ అవ్వండి" అనే సైట్లూ యాప్‌లూ ఉన్నాయి. పైన చెప్పినదాంట్లో ఎక్కడా పాస్‌వర్డ్ అవసరం రాలేదు కదా. వాటి జోలికి పోకండి.

ఫేస్‌బుక్‌లో: స్నేహితుడిని అడగొద్దు

ఫేస్‌బుక్ పేజీ కింద మీరు రాసిన కామెంటుని పేజీ వాళ్లు `Hide` చేస్తే, అది మీకూ కనిపిస్తుంది, మీ ఫేస్‌బుక్ ఫ్రెండ్స్‌కీ కనిపిస్తుంది. మిగతా లోకానికి కనిపించదు. ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది తప్పుదారి పడతారు. ఒంగోల్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి "ఒరేయ్, నా కామెంటు కనిపిస్తోందా?" అంటారు. "కనిపిస్తోందన్నా" అంటాడు. వాడు నిజమే చెప్పాడు, కానీ వాడు మీ ఫ్రెండ్ లిస్టులో ఉన్నాడు.

కాబట్టి అడగాల్సింది ఫేస్‌బుక్‌లో మీకు ఫ్రెండ్ కాని మనిషిని. ఆఫీసులో పక్క సీటు ఆవిడ, వీధి చివర జిరాక్స్ షాపు అబ్బాయి, ఎవరైనా సరే. లాగౌట్ అయి చూద్దామంటే ఫేస్‌బుక్ నాలుగు కామెంట్లు చూపించి లాగిన్ గోడ అడ్డం పెడుతుంది, దాన్ని నమ్ముకోలేం. కంప్యూటర్లో మీ కామెంటు కింద టైమ్ నొక్కితే పైన అడ్రస్‌లో `comment_id=` అని వస్తుంది. ఆ లింకు పంపిస్తే వాళ్లకి వెతుక్కునే పని తగ్గుతుంది.

వాళ్లు చూసేటప్పుడు కామెంట్ల పైన `Most relevant` అని ఉంటే దాన్ని `All comments`కి మార్చమనండి. `Most relevant`లో ఫేస్‌బుక్ తనకి నచ్చినవి ముందుపెట్టి కొన్నిటిని పక్కకి నెడుతుంది, ఆ సంగతి కామెంట్ల దగ్గరే చిన్న అక్షరాల్లో చెబుతుంది కూడా. `All comments`లో కూడా కనిపించకపోతేనే దాచినట్టు లెక్క.

ఇన్‌స్టాగ్రామ్‌లో: దాచడం రెండు రకాలు

ఇన్‌స్టాగ్రామ్ 2019లో `Restrict` అని ఒకటి, 2021లో `Limits` అని ఇంకొకటి తెచ్చింది. పేర్లు దగ్గరగా ఉన్నా పనులు వేరు. `Restrict` ఒక మనిషి మీద పెట్టేది. ఆ మనిషి రాసింది ఆ మనిషికే కనిపిస్తుంది, పోస్టు పెట్టినవాళ్లు ఒప్పుకుంటేనే బయటికొస్తుంది. గొడవపడే బంధువుని బ్లాక్ చేస్తే ఇంట్లో రచ్చ అవుతుందని భయపడేవాళ్లు వాడేది ఇదే. `Limits` మనుషుల గుంపు మీద పెట్టేది. ఫాలో అవ్వనివాళ్లు, ఈమధ్యే ఫాలో అయినవాళ్లు, ఇలా. రీల్ ఒకటి ఉన్నట్టుండి వైరల్ అయి ముక్కూమొహం తెలియనివాళ్లు తిట్లతో దిగినప్పుడు పనికొస్తుంది. దీనికి గడువు ఉంటుంది, గరిష్ఠంగా 4 వారాలు.

మీ కామెంటు ఆగితే ఏది తగిలిందో ఊహించడానికి ఇదే ఆధారం. మీరు ఆ అకౌంటుని ఫాలో అవ్వకుండా, లేదా నిన్నగాక మొన్న ఫాలో అయి రాశారా? అయితే `Limits` కావచ్చు, గడువు తీరాక మీరు కొత్తగా రాసేవి మామూలుగా కనిపిస్తాయి. ఏళ్లుగా ఫాలో అవుతూ, మీది తప్ప అందరివీ కనిపిస్తున్నాయా? అప్పుడు `Restrict` మీద అనుమానపడాలి. పరీక్ష మాత్రం ఇంకొకరి ఫోన్లోనే. ఇక్కడా లాగిన్ లేకుండా చూస్తే పూర్తి కామెంట్లు రావు. చూసేవాళ్లని చివరిదాకా కిందికి జరపమనండి. అడుగున `View hidden comments` అని ఉంటే అదీ తెరవమనండి. మీది అందులో తేలితే ఎవరూ మిమ్మల్ని పనిగట్టుకుని దాచలేదు, మాటల ఫిల్టర్‌కి దొరికింది.

చానల్ మీదే అయితే

ఇప్పటిదాకా రాసేవాళ్ల వైపునుంచి చూశాం. నెల్లూరు చేపల పులుసు వీడియోలనో, ఉలవపాడు మామిడికాయల అమ్మకాన్నో పెట్టుకుని చానల్ నడిపేవాళ్లయితే, మీ ఫిల్టర్ ఎవరిని ఆపుతోందో మీరే చూసుకోవాలి.

`studio.youtube.com`లో `Comments` తెరిస్తే `Held for review` అని ఉంటుంది. ఆగినవన్నీ అక్కడ పడి ఉంటాయి. అవి అక్కడ ఉండేది 60 రోజుల దాకానే. ఈలోపు మీరు ఒప్పుకోకపోతే ఆ కామెంట్లు బయటికి రాకుండానే పోతాయి. వారానికోసారి చూసినా చాలు. ఆర్డర్ అడిగిన కామెంట్లు అందులో దొరకడం మామూలే.

మాటల జాబితా ఉండేది `Settings`లో కామెంట్ల మోడరేషన్ దగ్గర. దాన్ని తెలుగులో రాసేటప్పుడు రెండు చిక్కులున్నాయి. "మోసం" అనే మాటని జాబితాలో పెట్టారనుకోండి. "మోసం లేకుండా తూకం వేశారు, కాయలు బాగున్నాయి" అని మెచ్చుకున్న మనిషి కామెంటు కూడా ఆగుతుంది. ఫిల్టర్ మాటని చూస్తుంది, మనసుని చూడదు. రెండోది, మన జనంలో సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాస్తారు. "మోసం" ఆపితే `mosam` ఆగుతుందని నమ్మకం లేదు, `mosham` అని రాసేవాళ్లూ ఉంటారు. "మోసపోయాను", "మోసగాళ్లు" వేరే రూపాలు. ఆపాలనుకుంటే ఇవన్నీ విడివిడిగా రాసుకోవాలి. నన్నడిగితే ఇలాంటి రెండంచుల మాటలు జాబితాలో పెట్టకపోవడమే మంచిది. పచ్చి బూతులు, మోసగాళ్లు పదేపదే వాడే స్కీముల పేర్లు పెట్టి ఊరుకోవచ్చు. నిజంగా మోసపోయినవాడి ఫిర్యాదు కనపడకుండా పోతే నష్టం మీ వ్యాపారానికే.

రోజూ వచ్చి పద్ధతిగా రాసేవాళ్లుంటే వాళ్లని అదే సెట్టింగుల్లో `Approved users`లో చేర్చండి. అప్పటినుంచి వాళ్ల కామెంట్లు ఏ ఫిల్టర్ దగ్గరా ఆగకుండా నేరుగా బయటికొస్తాయి, లింకు ఉన్నా సరే. దాచినవాళ్ల జాబితా `Hidden users` కూడా పక్కనే ఉంటుంది. ఎప్పుడో కోపంలో దాచేసిన పాత కస్టమరు అందులో ఉంటే, పేరు పక్కన గుర్తు నొక్కి తీసేసి సేవ్ చేయండి.